కుక్కకు పిడుదుల జ్వరం: ఎండ ప్రభావం అనుకుని వదిలేయకుండా మొదటి వారంలోనే పట్టుకోవడం ఎలా

మా కడపలో మార్చి దాటిందంటే చాలు, కుక్క తిండి మానేసి మూలన పడుకుంటే ఇంట్లోవాళ్ళూ పక్కింటివాళ్ళూ అనే మాట ఒకటే. "ఎండలు కదా, అట్లే ఉంటుందిలే, రెండు దినాలు మజ్జిగ పోయండి, లేస్తుంది." చాలాసార్లు లేస్తుంది కూడా. అసలు ప్రమాదం అక్కడే ఉంది. పిడుదుల జ్వరం, అదే టిక్ ఫీవర్, మొదటి విడతలో ఏ మందూ వేయకపోయినా రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గిపోయినట్టు కనిపించవచ్చు. కుక్క లేచి తిరుగుతుంది, తింటుంది, గేటు దగ్గర మొరుగుతుంది, మనం మర్చిపోతాం. క్రిమి మాత్రం ఒంట్లోనే ఉండిపోతుంది. కొన్ని కుక్కల్లో నెలల తర్వాత, కొన్నింటిలో ఏళ్ళ తర్వాత, ముక్కులోంచి రక్తం కారుతూ మళ్ళీ బయటపడుతుంది. అప్పటికి రక్తం తయారుచేసే ఎముక మూలుగే దెబ్బతిని ఉంటే, మొదట్లో మామూలు మాత్రలతో తగ్గాల్సిన జబ్బుకు ఏ మందు వేసినా లాభం లేని పరిస్థితి వస్తుంది.

అందుకే ఇక్కడ మొదటి వారం గురించే రాస్తున్నాను. ఇంట్లో ఏం చూడాలి, రక్తం ఎప్పుడు తీయించాలి, రిపోర్టులో ఏ అంకె మీద కన్ను వేయాలి, అంతే.

ముందు ఒక్క విషయం తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. మన ఇళ్ళల్లో కుక్కలకు పట్టేది ఎక్కువగా గోధుమరంగు పిడుదు, కొందరు గోమారి అంటారు. దాని కాటుతో వచ్చే క్రిముల్లో ముఖ్యమైనవి రెండు. ఎర్లికియా అనేది తెల్లరక్తకణాల్లో చేరే బాక్టీరియా. బెబీసియా అనేది ఎర్రరక్తకణాల్లో దూరి వాటిని పగలగొట్టే పరాన్నజీవి. బయటికి రెండూ "జ్వరం, తిండి మానేయడం" లాగే మొదలవుతాయి, ఒకే కుక్కలో రెండూ కలిసి కూడా ఉండవచ్చు, కానీ మందులు వేరు. రక్తం చూడకుండా మందు వేస్తే ఎక్కడ దెబ్బ తింటామో దీన్నిబట్టే తెలిసిపోతుంది.

ఇంకోటి, పిడుదు కరిచిన రోజే జ్వరం రాదు. ఎర్లికియాకు మామూలుగా 8 నుంచి 20 రోజులు పడుతుంది. కడుపు నిండా రక్తం తాగిన పిడుదు అప్పటికే రాలిపోయి ఏ గోడ సందులోకో చేరిపోయి ఉంటుంది. కాబట్టి "ఒంటి మీద ఒక్క పిడుదు కూడా లేదు, ఇది అది కాదు" అని తేల్చేయకండి. ఈ రోజు ఉందా అని కాకుండా, గడిచిన నెల రోజుల్లో ఒక్కటైనా కనబడిందా అని ఇంట్లో అందర్నీ అడగండి. చెవి లోపలి మడతలు, కాలి వేళ్ళ మధ్య, మెడ పట్టీ కింద, తోక మొదలు, ఇవి పిడుదులు ఇష్టంగా పట్టే చోట్లు.

ఎండదెబ్బా, జ్వరమా తేల్చుకోవడం

దీనికి ఒక డిజిటల్ థర్మామీటరు చాలు, మెడికల్ షాపులో మనుషులకు అమ్మేదే. కుక్క కోసం దాన్ని విడిగా పెట్టుకోండి, మళ్ళీ మనుషులకు వాడొద్దు. కొనకు కాస్త వాజలీనో కొబ్బరినూనో రాసి, ఒకరు తల దగ్గర పట్టుకుని మాట్లాడుతూ ఉంటే ఇంకొకరు తోక ఎత్తి, మలద్వారంలోకి రెండు, మూడు సెంటీమీటర్లు మెల్లగా పెట్టి బీప్ అనేదాకా ఆగాలి. ముక్కు పొడిగా ఉందా, చెవులు వేడిగా ఉన్నాయా అని చూసి జ్వరం తేల్చడం మన ఎండల్లో అస్సలు పనికిరాదు, బాగున్న కుక్కకు కూడా మధ్యాహ్నం ముక్కు ఎండిపోతుంది.

కుక్కకు మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది, అంటే మనకంటే ఎక్కువే. మనకు 101 అంటే జ్వరం, దానికి కాదు. మధ్యాహ్నం రెండు గంటలకు ఎండలో తిరిగొచ్చిన కుక్కకు 103 చూపించిందంటే దాన్నిబట్టి ఏదీ చెప్పలేం. అందుకని తెల్లవారుజామున చూడండి. రాత్రంతా నీడలో, కాస్త చల్లగా పడుకుని లేచిన కుక్కకు ఐదారు గంటలప్పుడు 103 దాటి ఉందంటే అది ఎండ వల్ల కాదు. ఏదో ఒక జ్వరం ఉన్నట్టే. సాయంత్రం ఇంకోసారి చూసి రెండూ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, డాక్టరు మొదట అడిగేది అదే.

నిజమైన ఎండదెబ్బ తీరు వేరుగా ఉంటుంది. అది గంటల్లో ముంచుకొస్తుంది. ఎండలో కట్టేసి ఉంచాకో, మూసిన కారులో వదిలేశాకో, మధ్యాహ్నం పరుగెత్తించాకో వస్తుంది. నాలుక బయటపెట్టి ఆపకుండా రొప్పుతుంది, చొంగ కారుస్తుంది, కాళ్ళు తడబడతాయి, థర్మామీటరు 105, 106 కూడా దాటుతుంది. అప్పుడు ఒళ్ళంతా మామూలు నీళ్ళతో తడిపి, ఫ్యాను పెట్టి, అలాగే తడి ఒంటితోనే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. పిడుదుల జ్వరం అలా ముంచుకురాదు. నిన్న సగం తిన్నది, ఈ రోజు వాసన చూసి వదిలేసింది, పిలిస్తే తోక ఊపింది కానీ లేవలేదు, ఇలా మెల్లగా మొదలవుతుంది. రొప్పడం కంటే మందకొడితనం ఎక్కువ కనిపిస్తుంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. జ్వరం ఉందని తెలియగానే ఇంట్లో ఉన్న పారాసిటమాలో, ఒళ్ళునొప్పుల మాత్రో వేయకండి. పారాసిటమాల్ కుక్క కాలేయాన్ని, ఎర్రరక్తకణాలను దెబ్బతీస్తుంది. బ్రూఫెన్ లాంటివి పొట్టలో పుండ్లు చేసి రక్తస్రావం తెప్పిస్తాయి. ఈ జబ్బులో రక్తం గడ్డకట్టే శక్తే తగ్గిపోతుంది, దాని మీద ఇలాంటి మాత్ర వేస్తే ఏం జరుగుతుందో ఊహించుకోండి.

చిగుళ్ళు, పొట్ట, గ్రంథులు, మూత్రం

జ్వరం ఉందని తేలాక నాలుగు చోట్ల చూడాలి. పట్టపగలు వాకిట్లో, వెలుతురులో చూడండి, ట్యూబ్‌లైటు కింద రంగులు సరిగ్గా తెలియవు.

పై పెదవి ఎత్తి చిగుళ్ళు చూడండి. గులాబీ రంగులో ఉండాలి. బొటనవేలితో ఒకచోట నొక్కి వదిలితే తెల్లబడి, రెండు సెకన్లలోపు మళ్ళీ రంగు రావాలి. పాలిపోయి తెల్లగా ఉంటే రక్తం తగ్గినట్టు, పసుపు తేలితే కామెర్లు మొదలైనట్టు. మన నాటు కుక్కల్లో చాలావాటికి చిగుళ్ళు నల్లగా ఉంటాయి, వాటిలో ఏమీ తెలియదు, అలాంటప్పుడు కింది కనురెప్పను కాస్త కిందికి లాగి లోపలి పొర రంగు చూడండి.

తర్వాత పొట్ట. ఇదే చాలామంది చూడనిది, నేను అన్నింటికంటే ముందు చూడమని చెప్పేది. కుక్కను పక్కకు పడుకోబెట్టి వెనక కాలు ఎత్తితే, పొట్ట కింద, తొడల లోపలి వైపు వెంట్రుకలు లేని చర్మం కనిపిస్తుంది. అక్కడ ఎర్రపెన్నుతో చుక్కలు పెట్టినట్టు సన్నటి మచ్చలు ఉన్నాయేమో చూడండి. దోమకాటో, గోమారి కాటో, చెమటకాయ లాంటిదో అనుకుని వదిలేయకుండా ఒక మచ్చ మీద వేలు పెట్టి, లేదా పారదర్శకంగా ఉండే గాజు ముక్క పెట్టి నొక్కండి. కాటు వల్ల వచ్చిన ఎరుపు నొక్కితే పోతుంది, వదిలితే మళ్ళీ వస్తుంది. చర్మం కింద కారిన రక్తపు చుక్క అయితే ఎంత నొక్కినా అలాగే ఉంటుంది. నొక్కినా పోని చుక్కలు కనబడితే ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయని అర్థం, ఇక రేపటిదాకా ఆగకండి. డెంగీ వచ్చినప్పుడు ఇంటింటా వినబడే ప్లేట్‌లెట్లే ఇవి కూడా, రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చేవి. చిగుళ్ళ మీద, చెవి లోపలి వైపు కూడా ఇలాంటి చుక్కలు వస్తాయి. మామూలుగా కట్టె తగిలితేనే కమిలే చోట ఊరికే నీలం మచ్చ కనిపించినా అదే లెక్క.

గ్రంథులు చూడాలంటే దవడ కింద రెండు పక్కలా, భుజం ముందు, వెనక కాలి మోకాలి వెనక వేళ్ళతో తడమండి. మామూలుగా మోకాలి వెనక శనగగింజంత చేతికి తగులుతుంది. అది పెద్దదై, రెండు పక్కలా అలాగే ఉంటే ఒంట్లో ఏదో క్రిమి మీద పోరాటం జరుగుతున్నట్టు. బాగున్నప్పుడే ఒకసారి తడిమి పరిమాణం గుర్తుపెట్టుకుంటే, అవసరమైనప్పుడు తేడా తెలుస్తుంది.

మూత్రం గురించి చెబుతాను. కుక్క పోసేటప్పుడు మట్టి మీద రంగు తెలియదు, బండ మీదో తెల్ల కాగితం మీదో పడేట్టు చూడండి. టీ డికాషన్ రంగులోనో, కాఫీ రంగులోనో వస్తే ఎర్రరక్తకణాలు పగిలిపోతున్నాయని, బెబీసియా అయ్యే అవకాశం ఎక్కువని అర్థం. ఇది ఆ గంటలోనే బయల్దేరాల్సిన విషయం, తెల్లవారనివ్వండి అనుకోకూడదు, కొన్ని కుక్కల్లో ఒకట్రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.

ఇవికాక కళ్ళలో నీరు, పుసి కారడం, కళ్ళు మసకబారడం, కాలు కుంటడం, ముక్కులోంచి రక్తం, ఇవన్నీ కూడా ఈ జ్వరంలో కనిపిస్తాయి. అన్నీ ఒకేసారి ఉండాలని చూడకండి. తెల్లవారుజామున 103 దాటడం, తిండి తగ్గడం, గత నెలలో పిడుదు కనబడి ఉండడం, ఈ మూడూ కలిశాయంటే రక్తపరీక్షకు అంతకంటే కారణం అక్కర్లేదు. జర్మన్ షెపర్డ్ ఉన్నవాళ్ళు మరీ తొందరపడండి, ఆ జాతిలో ఎర్లికియా చాలా తీవ్రంగా వస్తుంది.

రక్తం ఎప్పుడు, ఎలా తీయించాలి

మాత్ర మొదలుపెట్టకముందే తీయించాలి. మన వైపు జరిగేది దీనికి తలకిందులు. డాక్టరు దూరం, ల్యాబు దూరం, దగ్గర్లో సూది వేసేవాళ్ళో, మెడికల్ షాపువాళ్ళో డాక్సీసైక్లిన్ ఇచ్చేస్తారు, మూడు రోజులు వేశాక తగ్గలేదని అప్పుడు రక్తం తీస్తారు. ఆ సరికి క్రిముల సంఖ్య తగ్గిపోయి మైక్రోస్కోపు స్లైడు మీద కనిపించవు, క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్షలో కూడా దొరక్కపోవచ్చు, కానీ జబ్బు మిగిలే ఉంటుంది. దానికంటే పెద్ద నష్టం ఇంకోటి ఉంది. డాక్సీసైక్లిన్ ఎర్లికియాను చంపుతుంది కానీ బెబీసియాను ఒంటిలోంచి పోగొట్టలేదు, దానికి మందు వేరే. రెండూ కలిసి ఉన్న కుక్కకు సగం మందు వేసి, మెల్లగా కోలుకుంటుందిలే అని ఎదురుచూస్తూ ఉంటే ఆలోగా ఎర్రరక్తకణాలు పోతూనే ఉంటాయి.

అలాగని రిపోర్టు వచ్చేదాకా మందే వేయొద్దని కాదు. పీసీఆర్‌కు రక్తం బయటి ఊరికి పంపితే రోజులు పడుతుంది. ముందు రక్తం తీసి పక్కన పెట్టాక, డాక్టరు అనుమానంతో ఆ రోజే మందు మొదలుపెడితే మంచిదే.

ఏం పరీక్షలు అడగాలి? మూడు చాలు. ప్లేట్‌లెట్ల లెక్కతో కలిపి పూర్తి రక్తపరీక్ష, అంటే సీబీసీ. రక్తపు స్మియర్, అంటే గాజు స్లైడు మీద రక్తం పలచగా రాసి రంగువేసి మైక్రోస్కోపులో చూడడం. ఇంకా ర్యాపిడ్ కిట్, ఇది రక్తంలో క్రిమికి వ్యతిరేకంగా తయారైన యాంటీబాడీలు ఉన్నాయా చూస్తుంది. మూడింటిలో దేని లోపం దానికి ఉంది, ఆ లోపాలు తెలియకపోతే "నెగెటివ్" అన్న ఒక్క మాటకు మోసపోతాం.

స్మియర్‌లో క్రిమి కనిపిస్తే ఇక అనుమానం లేదు. కనిపించకపోతే మాత్రం లేదని కాదు. ఎర్లికియా తెల్లకణం లోపల చిన్న గుత్తిగా ఉంటుంది, జబ్బు ఉన్న కుక్కల్లో కూడా చాలా తక్కువ స్లైడుల్లోనే దొరుకుతుంది. చెవి కొన నుంచి తీసిన చుక్కతో స్లైడు చేస్తే దొరికే అవకాశం కాస్త పెరుగుతుంది, అడిగి చూడండి. ర్యాపిడ్ కిట్ సంగతి ఇంకో రకం. యాంటీబాడీలు తయారవడానికి వారం నుంచి మూడు వారాలు పట్టవచ్చు, కాబట్టి జ్వరం వచ్చిన రెండో రోజు చేసిన కిట్ నెగెటివ్ రావడంలో ఆశ్చర్యం లేదు. పాజిటివ్ వస్తే కూడా అది ఇప్పటిదో, పోయిన సంవత్సరం వచ్చి తగ్గినదో ఆ గీత చెప్పదు. అందుకే కిట్ ఒక్కటే చేయించి ఇంటికొచ్చేయకండి, ప్లేట్‌లెట్ల లెక్క పక్కన పెట్టుకుని చదివితేనే దానికి అర్థం ఉంటుంది.

రక్తం తీసే దగ్గర రెండు విషయాలు గమనించండి. ముందు కాలి నరం నుంచి ఒకటి రెండు మిల్లీలీటర్లు తీసి, ఊదా రంగు మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులో గీత దాకా పోసి, వెంటనే ఏడెనిమిదిసార్లు మెల్లగా పైకీ కిందికీ తిప్పాలి. విసురుగా ఊపితే కణాలు పగులుతాయి, అసలు తిప్పకపోతే రక్తం పేరుకుంటుంది. పేరుకున్న రక్తంలో ప్లేట్‌లెట్లు ఆ గడ్డల్లో చిక్కుకుపోయి మిషన్ లెక్కలో తక్కువ చూపిస్తాయి, లేని జబ్బు ఉన్నట్టు కనబడుతుంది. ట్యూబును బండి డిక్కీలో ఎండలో పెట్టి ఊరంతా తిరగొద్దు, చల్లటి సంచిలో, మంచుగడ్డకు నేరుగా తగలకుండా అదే రోజు ల్యాబుకు చేర్చాలి.

మన ఊళ్ళల్లో చాలాసార్లు మనుషుల ల్యాబులోనే చేయించాల్సి వస్తుంది. అక్కడి మిషన్ మనుషుల కణాల సైజుకు సెట్ చేసి ఉంటుంది, కుక్క రక్తంలో అంకెలు అటూ ఇటూ కావచ్చు, పక్కన అచ్చువేసిన "నార్మల్" కూడా మనుషులదే. అందుకని మిషన్ ప్లేట్‌లెట్లు తక్కువని చెప్పినప్పుడు స్లైడు మీద కంటితో సరిచూడమని అడగాలి. దానికి ఒక సులువైన లెక్క ఉంది. ఆయిల్ వేసి చూసే పెద్ద లెన్సు కింద ఒక్కో చోట కనిపించే ప్లేట్‌లెట్ల సగటును 15,000తో గుణిస్తే సుమారు లెక్క వస్తుంది. ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది, తిరుపతిలో కూడా ఉంది, తేలని కేసులకు, పీసీఆర్ కావాల్సినప్పుడు ముందుగా ఫోన్ చేసి కనుక్కుని వెళ్ళడం మంచిది.

ఒక రిపోర్టు ఎలా చదవాలి

మా చిన్నాన్న వాళ్ళ లాబ్రడార్ రాజా విషయం చెబుతాను, 30 కిలోల మగ కుక్క. మే నెలలో ఒక సాయంత్రం పెరుగన్నం ముట్టలేదు. మరుసటి రోజు కోడిగుడ్డు పెట్టినా వాసన చూసి తల తిప్పుకుంది. దగ్గర్లో ఒకాయన వచ్చి జ్వరం సూది వేసి ఎండదెబ్బ అన్నాడు, ఆ రాత్రి లేచి నీళ్ళు తాగి వాకిట్లో తిరిగింది, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. రెండు రోజులకు మళ్ళీ పడుకుంది. నేను వెళ్ళి తెల్లవారుజామున థర్మామీటరు పెడితే 104.2. చిగుళ్ళు కాస్త పాలిపోయాయి కానీ తెల్లగా లేవు, మూత్రం పసుపే. పొట్ట తిప్పి చూస్తే తొడ లోపలి వైపు అరచేయంత చోట ఎర్రటి చుక్కలు. చిన్నమ్మ చూసి "గోమార్లు కరిచినవే నాయనా, ఎప్పుడూ ఉంటాయి" అంది. గాజు గ్లాసు అంచుతో నొక్కి చూపించాను, ఒక్కటి కూడా మాయమవలేదు. ఆ పొద్దే రక్తం తీయించాం.

రిపోర్టులో హిమోగ్లోబిన్ 10.6, కుక్కకు 12 నుంచి 18 ఉండాలి. తెల్లకణాలు 5,400, మామూలుగా 6,000 నుంచి 17,000. ప్లేట్‌లెట్లు 42,000, ఉండాల్సింది 2 లక్షల నుంచి 5 లక్షలు. మిషన్ తప్పేమో అని డాక్టరు స్లైడు చూశారు, ఒక్కో చోట సగటున మూడు ప్లేట్‌లెట్లు, అంటే 45,000 దగ్గర, గడ్డలేమీ లేవు. రెండు లెక్కలూ కలిశాయి కాబట్టి పడిపోవడం నిజమే. స్లైడులో ఎర్లికియా గానీ, బెబీసియా గానీ కనబడలేదు. కిట్‌లో ఎర్లికియా గీత వచ్చింది, లేతగా.

ఇక్కడ డాక్టరు కలిపి చదివిన తీరే నేర్చుకోవాల్సింది. స్లైడులో క్రిమి లేదు, అయినా పట్టించుకోలేదు. జ్వరం, నొక్కినా పోని చుక్కలు, నిజంగా పడిపోయిన ప్లేట్‌లెట్లు, కిట్ పాజిటివ్, నెల కిందట పిడుదులు, ఇవన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి. మూత్రం పసుపే ఉంది, హిమోగ్లోబిన్ కొంచెమే తగ్గింది, కాబట్టి బెబీసియాకు ఇప్పుడే మందు వేయకుండా, నాలుగు రోజులకు హిమోగ్లోబిన్ ఇంకా పడుతుందేమో చూద్దాం, పడితే స్లైడు మళ్ళీ చేసి పీసీఆర్‌కు పంపుదాం అన్నారు. 42,000 ఉన్నప్పుడు చిన్న దెబ్బకు కూడా రక్తం ఆగకపోవచ్చు కాబట్టి వారం పాటు పరుగులు, మేడమెట్లు, గట్టి ఎముకలు అన్నీ ఆపేశారు.

మందు, ఆ తర్వాతి పరీక్షలు

ఎర్లికియాకు మామూలుగా వాడేది డాక్సీసైక్లిన్, కిలో బరువుకు రోజుకు 10 మిల్లీగ్రాములు, 28 రోజులు. రాజాకు రోజుకు 300 వచ్చింది, పొద్దున 150, సాయంత్రం 150 ఇచ్చారు. మీ కుక్కకు ఎంత, ఒకేసారా రెండుసార్లా అనేది బరువు తూచి డాక్టరే చెప్పాలి, కుక్కపిల్లకూ, కాలేయం దెబ్బతిన్నదానికీ లెక్క మారవచ్చు. మాత్ర వేసే తీరు మాత్రం మన చేతిలో ఉంది. మన ఇళ్ళల్లో మాత్రను పెరుగన్నంలోనో పాలల్లోనో దాచి పెట్టడం అలవాటు. ఈ మందుకు అది సరిపోదు, పాలు, పెరుగులోని కాల్షియం మందును ఒంటికి పూర్తిగా పట్టనివ్వదు. ఉడికించిన గుడ్డు ముక్కలోనో, చికెన్ అన్నం ముద్దలోనో పెట్టండి. ఉత్త మాత్ర గొంతులో తోసి వదిలేయడం కూడా ప్రమాదమే, అది అన్నవాహికలో ఇరుక్కుంటే లోపల పుండు పడుతుంది. మాత్ర వెనకాలే నాలుగు ముద్దలు తినాలి, కాసిని నీళ్ళు తాగాలి. వాంతి చేసుకుంటే ఆపేయకండి, డాక్టరుకు ఫోన్ చేయండి.

సరైన మందు పడితే ఎర్లికియాలో జ్వరం ఒకటి రెండు రోజుల్లో దిగుతుంది. రాజా మూడో రోజుకు గిన్నె దగ్గరికి నడిచొచ్చింది. మూడు రోజులైనా థర్మామీటరు దిగకపోతే, తినకపోతే, ఇంకొంచెం ఆగుదాం అనుకోకూడదు, బెబీసియా కూడా ఉందేమో, అసలు జబ్బే వేరేదేమో వెతకాలి. దీనికి బొప్పాయి ఆకు రసం పోసేవాళ్ళు చాలామంది ఉన్నారు. అది క్రిమిని చంపదు. మాత్రకు బదులుగా దాన్ని నమ్ముకుంటే నష్టం కుక్కకే.

ఎక్కువమంది తప్పేది ఇక్కడే, కుక్క తింటోంది కదా అని పదో రోజుకు మాత్రలు ఆపేస్తారు. 28 రోజులు అన్నది కుక్క హుషారును బట్టి పెట్టిన లెక్క కాదు, కణాల లోపల దాక్కున్న క్రిమి పూర్తిగా పోవడానికి పెట్టింది. మధ్యలో ఆపితే మిగిలిన క్రిమి నిశ్శబ్దంగా ఉండిపోతుంది, మొదట్లో చెప్పిన నెలలు, ఏళ్ళ దశ అదే.

పరీక్ష కూడా ఒక్కసారితో అయిపోదు. నాలుగో రోజు రాజా హిమోగ్లోబిన్ 10.8, తగ్గలేదు, కాబట్టి బెబీసియా అనుమానం వెనక్కి పోయింది. వారానికి ప్లేట్‌లెట్లు 1,48,000 అయ్యాయి, మాత్రలు అయిపోయే రోజుకు 2,60,000. ఆపిన నెలకు ఇంకోసారి సీబీసీ చేయించమన్నారు, ఎందుకంటే మందు ఆపాక కూడా ప్లేట్‌లెట్లు నిలబడితేనే తగ్గినట్టు. ఆ సమయానికి మళ్ళీ ర్యాపిడ్ కిట్ చేయించి "ఇంకా పాజిటివే వస్తోంది" అని భయపడొద్దు, జబ్బు తగ్గిన తర్వాత కూడా యాంటీబాడీలు నెలల తరబడి ఉంటాయి. తగ్గిందా లేదా అని చూడాల్సింది ప్లేట్‌లెట్లతో, తేలకపోతే పీసీఆర్‌తో.

వారం దాటినా ప్లేట్‌లెట్లు పెరగకుండా, వాటితోపాటు తెల్లకణాలు, ఎర్రకణాలు మూడూ కలిసి తగ్గుతూ పోతే మాత్రం అది మూలుగ దెబ్బతిన్న గుర్తు. అలాంటి కుక్కను పెద్ద ఆసుపత్రికే తీసుకెళ్ళాలి, రక్తం ఎక్కించాల్సి రావచ్చు, అన్నీ బతకవు.

ఇక ఒకసారి వచ్చి తగ్గిన కుక్కకు మళ్ళీ రాదని లేదు. ఎర్లికియాకు మన దగ్గర టీకా లేదు, కాబట్టి పిడుదు పట్టకుండా చూడడం ఒక్కటే దారి. డాక్టరు రాసిచ్చిన నెలవారీ మాత్రో, మెడ వెనక వేసే చుక్కల మందో ఎండాకాలంలో ఒక్క నెల కూడా తప్పించకండి. ఒంటి మీద దొరికినదాన్ని గ్లోవ్స్ వేసుకుని చర్మానికి ఆనించి పట్టకారుతో నిటారుగా లాగి స్పిరిట్‌లో వేయండి, గోళ్ళతో నలపొద్దు, అగరుబత్తితో కాల్చొద్దు, కిరోసిన్ పోయొద్దు. పిడుదుల్లో ఎక్కువ భాగం కుక్క మీద ఉండవు, ఇంట్లో ఉంటాయి. ఒక్క ఆడ పిడుదు వేలల్లో గుడ్లు పెడుతుంది, పెట్టేది సందుల్లో. మన ఇళ్ళల్లో నేలకు పరిచిన కడప బండల మధ్య సిమెంటు రాలిపోయిన సందులు, కుక్క పడుకునే చోట గోడ మూలలు, తలుపు చట్రం వెనకలు టార్చి వేసి చూస్తే నువ్వుగింజంత పిల్లలు గోడెక్కుతూ కనిపిస్తాయి. ఆ సందులు సిమెంటుతో పూడ్పించండి, కుక్క గోనెపట్టాలు వారానికోసారి మరిగే నీళ్ళలో వేసి ఎండలో ఆరేయండి. ఇంట్లో మందు కొట్టించాల్సి వస్తే కుక్కను బయటికి పంపి, పూర్తిగా ఆరాకే లోపలికి రానివ్వండి, రెండు మూడు వారాలకు మళ్ళీ ఇంకోసారి కొట్టించండి, మొదటిసారి గుడ్లలో ఉండి తప్పించుకున్నవి అప్పటికి పొదిగి ఉంటాయి.